ఎండుమిరప, చింతపండు, ఎండు పండ్లు: ఫొటోలలో బూజు, పురుగు, ఆరుదల లోపాలను గుర్తించడం

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 ప్రస్తావన
1.2 ఎండే ప్రాంతంలో బూజు ఎలా వస్తుంది?
1.3 ఫొటో ఎలా ఉండాలి?
1.4 ఆరుదల లోపాన్ని గుర్తించడం
1.5 బూజు, తాలు, దుమ్ము: తేడాలు
1.6 పురుగు ఆనవాళ్లు
1.7 ఒక సరుకును పరిశీలిద్దాం
1.8 చింతపండు, అంజూర, కిస్‌మిస్
1.9 ఫొటో చెప్పలేని విషయాలు
1.10 సారాంశం
1.11 ముఖ్య పదాలు
1.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు
1.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఎండుమిరపలో బూజు పట్టడానికి దారితీసే కారణాలను వివరించగలుగుతారు.
• సరుకును పరిశీలించడానికి పనికివచ్చే ఫొటోను, పనికిరాని ఫొటోను వేరు చేయగలుగుతారు.
• బూజు, తాలు, దుమ్ము, పురుగు రంధ్రం మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• ఎన్ని కాయలు చీల్చి చూస్తే ఎంత నమ్మకం కలుగుతుందో లెక్కకట్టగలుగుతారు.
• ఫొటో ఆధారంగా చెప్పగలిగేదేదో, ప్రయోగశాలకు వదిలేయవలసినదేదో నిర్ణయించగలుగుతారు.

1.1 ప్రస్తావన

అనంతపురం జిల్లాలో తుంగభద్ర ఎగువ కాలువ కింద, బోరుబావుల కింద మిరప పండించే రైతులకు దగ్గరలో పెద్ద మిరప మార్కెట్ లేదు. ఉరవకొండ, గుంతకల్లు వైపు పండే బ్యాడిగ రకం కాయను చాలామంది కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడిగి మార్కెట్‌కు తీసుకుపోతారు. సన్న రకాలు గుంటూరు యార్డుకు వెళ్తాయి. రెండూ దూరమే. లారీ కిరాయి పెట్టుకొని వెళ్లిన తరువాత సరుకులో బూజు ఉందని తేలితే, వచ్చిన ధరకు ఇచ్చేసి రావడం తప్ప రైతుకు దారి ఉండదు. అందుకే బేరం మొదలవకముందే సెల్‌ఫోన్‌లో ఫొటోలు పంపుకోవడం అలవాటయింది. కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉన్న సరుకు విషయంలో కొనేవారు ముందుగా అడిగేది కూడా ఫొటోలనే.

ఫొటోను చూసి "కాయ బాగుంది" అనడం సులభం. ఆ మాటకు ఆధారం ఏమిటని అడిగితే చెప్పడం కష్టం. ఫొటోలో ఏ గుర్తు దేన్ని సూచిస్తుంది, ఏ గుర్తు కనిపించకపోతే ఏ ఫొటో మళ్లీ అడగాలి అన్నది ఈ భాగంలో ఎండుమిరప ఉదాహరణగా తెలుసుకుంటారు. అదే పద్ధతి చింతపండుకు, ఎండు పండ్లకు ఎలా వర్తిస్తుందో చివరలో చూస్తారు.

1.2 ఎండే ప్రాంతంలో బూజు ఎలా వస్తుంది?

అనంతపురంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత పొడి నేలలో కాయకు బూజు ఎక్కడిదన్న సందేహం కలుగుతుంది. బూజు పెరుగుదలకు ఊరి వర్షపాతంతో సంబంధం తక్కువ. కాయలోను, కాయను ఆనుకొని ఉన్న గాలిలోను ఎంత తేమ ఉందన్నదే ముఖ్యం. సంచి లోపలి గాలికి, బయటి గాలికి చాలా తేడా ఉండవచ్చు.

కోసిన పండుమిరపలో బరువులో మూడు వంతులకు దగ్గరగా నీరే ఉంటుంది. నిల్వకు పనికిరావాలంటే ఆ తేమ 11 శాతానికి మించకూడదు. మన దేశ ఆహార ప్రమాణాలలో ఎండుమిరపకు నిర్ణయించిన గరిష్ఠ పరిమితి కూడా ఇదే. ఈ రెండు స్థితుల మధ్య కాయ కళ్లంలో గడిపే రోజులలోనూ, ఆ తరువాత నిల్వలోనూ తేమ చేరే సందర్భాలు నాలుగు ఉన్నాయి.

మొదటిది, కోత తరువాత కుప్ప. కాయలన్నీ ఒకే రంగుకు రావడానికి రెండు మూడు రోజులు కుప్పగా ఉంచుతారు. అది ఇంకా ఎక్కువ రోజులు సాగితే లోపల వేడి పుట్టి కాయ మెత్తబడి నల్లబారుతుంది. రెండవది, మంచు. డిసెంబరు, జనవరి నెలల్లో పగలు ఎంత ఎండ ఉన్నా తెల్లవారుజామున మంచు కురుస్తుంది. రాత్రి పట్ట కప్పని కాయ పగలు కోల్పోయిన తేమలో కొంత తిరిగి పీల్చుకుంటుంది. మూడవది, ఈశాన్య రుతుపవనాల కాలంలో తుఫానుతో వచ్చే అకాల వర్షం.

నాలుగవది చాలామంది గమనించనిది, నీళ్లు చల్లడం. ఫిబ్రవరి, మార్చి నాటికి ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే బాగా ఆరిన కాయ పట్టుకుంటే పగిలిపోతుంది. సంచిలో తొక్కేటప్పుడు పొడి కాకుండా కాయపై నీళ్లు చల్లడం కొన్నిచోట్ల అలవాటు. బరువు పెరుగుతుందన్న ఆశ కూడా దీనికి తోడవుతుంది. ఒక లెక్క చూడండి. 11 శాతం తేమ ఉన్న 40 కిలోల సంచిలో నీరు పోగా మిగిలే పదార్థం 35.6 కిలోలు. నీళ్లు చల్లి తేమను 15 శాతానికి చేరిస్తే సంచి బరువు 35.6 ÷ 0.85, అంటే సుమారు 41.9 కిలోలు అవుతుంది. కలిసినది 1.9 కిలోల నీరు మాత్రమే. ఆ నీరు కాయ పైతోలు మీద ఆరినట్టు కనిపించినా, సంచిని బిగించి కుట్టాక తొడిమ దగ్గరా గింజల మధ్యా చేరుతుంది. అక్కడే బూజు మొదలవుతుంది.

బాగా ఎండే ప్రాంతంలో బాగా ఎండిన కాయే కొన్నిసార్లు ఎందుకు చెడుతుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఫొటోలు చూసేటప్పుడు "ఇది ఆరనిదా, ఆరిన తరువాత తడిసినదా?" అన్న ప్రశ్నను మనసులో ఉంచుకోండి. రెండింటికీ పరిష్కారం వేరు.

1.3 ఫొటో ఎలా ఉండాలి?

మీ ఫోన్‌లో ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. మీటరు వెడల్పు ఉన్న కుప్పను తీస్తే ఒక్కో మిల్లీమీటరుకు 4 పిక్సెళ్లు వస్తాయి. అదే ఫొటోను వాట్సాప్‌లో సాధారణ నాణ్యతతో పంపితే పెద్ద వైపు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గుతుంది. అప్పుడు మిల్లీమీటరుకు మిగిలేది 1.6 పిక్సెళ్లు. పురుగు చేసిన రంధ్రం మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది కాబట్టి అటువంటి ఫొటోలో అది ఒక చుక్కగా కూడా తెలియదు. కుప్ప ఫొటోలో పురుగు కనిపించలేదంటే పురుగు లేదని కాదు, కనిపించే అవకాశమే లేదని అర్థం.

అదే ఫోన్‌తో 20 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే తీస్తే మిల్లీమీటరుకు 20 పిక్సెళ్లు వస్తాయి. వాట్సాప్‌లో తగ్గినా 8 మిగులుతాయి. రంధ్రం, దాని అంచు, పక్కనున్న పొడి చూడడానికి అది చాలు. ఫొటోను డాక్యుమెంటుగా పంపమని అడిగితే అసలు నాణ్యత తగ్గకుండా అందుతుంది.

రెండవ విషయం రంగు. నీలం పట్ట కింద తీసిన ఫొటోలో కాయ ముదురుగా, ఊదా రంగు కలిసినట్టు కనిపిస్తుంది. పసుపు బల్బు కింద పాత కాయ కూడా ఎర్రగా మెరుస్తుంది. ఫోన్ తనంతట తాను రంగులను సరిదిద్దుతుంది కనుక, ఫ్రేమంతా ఎర్రటి కాయే ఉంటే ఆ సవరణ తప్పుదారి పడుతుంది. అందుకే తెల్ల కాగితంపై కాయలను పరచి, పక్కన స్కేలు పెట్టి, ఎండ నేరుగా పడని నీడలో పగటి వెలుగున తీయమని చెప్పండి. కాగితం ఫొటోలో తెల్లగా కనిపించకపోతే ఆ ఫొటోలోని రంగును ఆధారం చేసుకోవద్దు.

ఒక సరుకుకు కనీసం ఈ ఐదు ఫొటోలు అడగాలి:
1. సంచులు పేర్చిన తీరు, గోడ, నేల కనిపించేలా ఒకటి.
2. విప్పిన సంచి మూతి దగ్గరి కాయ.
3. అదే సంచి అడుగు నుంచి తీసిన కాయ.
4. తెల్ల కాగితంపై నిలువునా చీల్చిన కాయలు, స్కేలుతో సహా.
5. సంచి దులిపితే కాగితం మీద పడిన పొడి.

చాలామంది పంపేది రెండవ ఫొటో ఒక్కటే. సంచి మూతి దగ్గర మంచి కాయను పెట్టడం కొత్త సంగతి కాదు కాబట్టి మూడవ, నాలుగవ ఫొటోలు లేకుండా అభిప్రాయం చెప్పకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
గమనిక: మీ సమాధానాన్ని 1.12లో ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
1) 50 సెంటీమీటర్ల వెడల్పును 4000 పిక్సెళ్ల ఫొటోగా తీసి, 1600 పిక్సెళ్లకు తగ్గించి పంపారు. ఒక మిల్లీమీటరు రంధ్రం ఎన్ని పిక్సెళ్లలో కనిపిస్తుంది?

1.4 ఆరుదల లోపాన్ని గుర్తించడం

సరిగా ఆరిన కాయ తోలు పలచబడి, తేలికగా ఉంటుంది. ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. తొడిమ గడ్డిపరక రంగులోకి మారి, వంచితే విరుగుతుంది. సరిగా ఆరని కాయ తోలుముక్కలా వంగుతుంది. దాని తొడిమలో పచ్చదనం మిగిలి ఉంటుంది. ఫొటోలో ముందుగా తొడిమను చూడండి. కాయ కండ కంటే తొడిమ, అది కాయకు అతుక్కునే చోటు ఆలస్యంగా ఆరతాయి.

రెండవ గుర్తు, కాయల ఆకారం. ఆరని కాయను సంచిలో తొక్కితే అణిగి చదునై, ఒకదానికొకటి అంటుకొని ముద్దగా వస్తుంది. సంచి అడుగు ఫొటోలో ఇటువంటి ముద్దలు కనిపిస్తే ఆరుదల లోపాన్ని గట్టిగా అనుమానించవచ్చు. మూడవ గుర్తు, ఒకే గుప్పెట్లో కొన్ని ఎర్రగా, కొన్ని నల్లబారిన ముదురు రంగులో ఉండడం. కళ్లంలో కాయను మందంగా పోసి, తిరగవేయకపోతే అడుగు కాయ ఇలా తయారవుతుంది.

నీళ్లు చల్లిన కాయలో గుర్తులు వేరుగా ఉంటాయి. తొడిమ బాగా ఆరి ఉంటుంది, పైతోలు మాత్రం మెరుస్తూ మెత్తగా కనిపిస్తుంది. గోనెసంచి మీద చెమర్చిన మచ్చలు ఉండవచ్చు. తొడిమ ఎండి, కాయ వంగుతున్నదంటే తేమ తరువాత చేరిందన్నమాట. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన సంచిని వెంటనే విప్పినా చల్లటి కాయ మీద బయటి గాలిలోని తేమ పట్టి ఇలాగే కనిపిస్తుంది. కనుక సంచి ఎక్కడి నుంచి ఎప్పుడు తెచ్చారో తప్పక అడగండి.

బ్యాడిగ కాయ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దాని తోలు సహజంగానే ముడతలు పడి ఉంటుంది. గుంటూరు సన్నం నునుపుగా ఉంటుంది. ముడతలను చూసి బ్యాడిగ కాయ బాగా ఆరిందని అనుకోకూడదు. ఆ ముడతల లోతులో బూజు నీడలా కనిపించి కన్ను తప్పించుకుంటుంది.

మెత్తదనం, చప్పుడు ఫొటోకు అందవు. పది సెకన్ల వీడియో అడగండి. అందులో ఒక కాయను చెవి దగ్గర కాక ఫోన్ దగ్గర ఊపాలి, తరువాత దాన్ని మధ్యకు మడవాలి, చివర తొడిమను విరవాలి. గలగల వినిపించి, తొడిమ టక్కున విరిగితే ఆరుదల మీద మీ సందేహం చాలావరకు తీరుతుంది.

సరుకు దగ్గర ఉన్నవారు చేయగల మరొక పరీక్ష ఉంది. పెనం మీద వేడిచేసి చల్లార్చిన రాళ్ల ఉప్పు పొడి రెండు చెంచాలు, ఒక గుప్పెడు కాయలు పొడి గాజు సీసాలో వేసి మూత బిగించాలి. కొన్ని గంటల తరువాత ఊపి చూడాలి. ఉప్పు గడ్డకట్టి గాజుకు అంటుకుంటే సీసాలోని గాలి తేమ 75 శాతం దాటిందని అర్థం, ఎందుకంటే ఉప్పు ఆ తేమ దగ్గర నీటిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అంత తేమలో బూజు పెరుగుతుంది. ఉప్పు పొడిగానే ఉంటే తేమ ఆ హద్దుకు లోపల ఉందని మాత్రమే తెలుస్తుంది. కాయ 11 శాతానికి చేరిందని ఆ పరీక్ష రుజువు చేయదు.

1.5 బూజు, తాలు, దుమ్ము: తేడాలు

ఫొటోలో తెల్లగా కనిపించినదల్లా బూజు కాదు. మిరపలో తెల్లదనానికి కనీసం నాలుగు కారణాలు ఉన్నాయి. వాటిని వేరు చేయడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

తాలు అంటే రంగు వెలిసిన, పాలిపోయిన కాయ. ఇది పొలంలోనే తయారవుతుంది. ఎండదెబ్బ తిన్న కాయకు ఒకే వైపు, ఎండ తగిలిన వైపు, కాగితంలా నునుపైన తెల్ల మచ్చ ఉంటుంది. కాయకుళ్లు తెగులు సోకిన కాయపై గడ్డి రంగు మచ్చ లోపలికి కుంగి, దానిలో నల్లటి చుక్కలు వలయాలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలు తెగులు కలిగించే శిలీంధ్రం ఫలనాలు. తాలుకు ధర తక్కువ పలుకుతుంది. అది నిల్వ బూజు కాకపోయినా, తెగులు సోకిన తోలు బలహీనపడి ఉంటుంది కనుక నిల్వలో ముందుగా బూజు పట్టేది అటువంటి కాయకే.

నిల్వ బూజు మచ్చలా కాక, పూతలా ఉంటుంది. దగ్గరి ఫొటోలో అంచు స్పష్టంగా ఉండదు, నూగులా కనిపిస్తుంది. అది తొడిమ చుట్టూ, ముడతలలో, పగుళ్ల దగ్గర ముందు పడుతుంది. రంగు కొంత సమాచారం ఇస్తుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ పసుపు కలిసిన ఆకుపచ్చగా, ఆస్పర్జిల్లస్ నైగర్ నల్లటి పొడిలా, పెనిసిలియం నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఫొటోలో రంగు మారగలదు కనుక "ఆకుపచ్చ బూజు ఉంది" అని రాయండి. జాతి పేరు రాయవద్దు.

చాలాసార్లు కాయ బయట ఏమీ ఉండదు. లోపల గింజలు అంటుకునే కండ దగ్గర బూడిద రంగు పొడి ఉంటుంది. చీల్చిన కాయ ఫొటో అడిగేది ఇందుకే. ఇక్కడ కూడా ఒక పొరపాటు జరుగుతుంది. ఆ కండ సహజంగా లేత పసుపు లేదా తెల్ల రంగులో, పొరలా ఉంటుంది. బూజైతే గింజల మీదకు కూడా పాకి, గింజ రంగును నలుపు లేదా బూడిద చేస్తుంది. గింజ శుభ్రంగా పసుపు రంగులో ఉంటే ఆ తెల్లదనం కండదే కావచ్చు.

దుమ్ము కాయ అంతటా ఒకేలా పరచుకుంటుంది, వేలితో తుడిస్తే పోతుంది. తుడవకముందు, తుడిచిన తరువాత రెండు ఫొటోలు అడిగితే సందేహం తీరుతుంది. తుడిచినచోట తోలు మీద మరక మిగిలితే అది బూజు వైపు చూపే గుర్తు. బూజు కాయలను చీల్చేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని, పొడిని పీల్చకూడదని ఫొటో అడిగేటప్పుడే చెప్పండి.

పట్టిక 1: ఫొటోలో గుర్తు, దాని అర్థం, తరువాత అడగవలసినది

| కనిపించేది | అది కావచ్చు | తరువాత అడగవలసినది |
|---|---|---|
| ఒక వైపు నునుపైన తెల్ల మచ్చ | ఎండదెబ్బ, తాలు | కాయ రెండో వైపు ఫొటో |
| కుంగిన మచ్చలో నల్ల చుక్కల వలయాలు | కాయకుళ్లు తెగులు | చీల్చిన కాయ |
| తొడిమ చుట్టూ నూగులాంటి పూత | నిల్వ బూజు | సంచి అడుగు, 60 కాయలు చీల్చి |
| అంతటా సమానమైన బూడిద పూత | దుమ్ము | తుడిచిన తరువాత ఫొటో |
| గింజల మీద ఆకుపచ్చ, నల్ల పొడి | లోపలి బూజు | సంచుల వారీగా కాయలు |

1.6 పురుగు ఆనవాళ్లు

మిరపకాయకు రంధ్రం రెండు చోట్ల పడవచ్చు, పొలంలో లేదా గోదాములో. రెండింటికీ అర్థం వేరు. పొలంలో శనగపచ్చ పురుగు, లద్దె పురుగు పచ్చికాయను తొలిస్తాయి. ఆ రంధ్రం పెద్దది, అంచు సరిగా ఉండదు. కాయ ఇంకా బతికి ఉండగా పడినది కనుక అంచు గోధుమ రంగుకు మారి, ఎండి ముడుచుకుపోయి ఉంటుంది. ఆ పురుగు ఇప్పుడు సంచిలో ఉండదు.

గోదాములో పడే రంధ్రం గుండ్రంగా, గుండుసూది తలంత, శుభ్రమైన అంచుతో ఉంటుంది. దీనికి ప్రధాన కారణం సిగరెట్ బీటిల్ అనే పెంకుపురుగు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, ఎరుపు కలిసిన గోధుమ రంగు, తల కిందికి వంచుకొని గూనిగా కనిపించే ఆకారం దాని గుర్తులు. పొగాకులో కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది కానీ మిరపను, పసుపు కొమ్మును, ధనియాలను కూడా తింటుంది. రంధ్రం పడిందంటే పురుగు లోపల పెరిగి బయటికి వచ్చేసిందని అర్థం. గుడ్లు, పిల్లపురుగులు పక్క కాయలలో ఉండవచ్చు.

అందువల్లే ఐదవ ఫొటో, అంటే సంచి దులిపిన పొడి, చాలా ఉపయోగపడుతుంది. సన్నటి పిండిలాంటి పొడి, దానిలో చచ్చిన పెంకుపురుగులు, తెల్లటి చిన్న పిల్లపురుగులు కనిపిస్తే పురుగు సరుకులో ఇప్పుడే ఉన్నట్టు. కాయ విరిగి పడిన ముక్కలు, గింజలు మాత్రమే కనిపిస్తే అది పురుగు పని కాదు. పురుగు తిన్న పదార్థం బరువులో ఒక శాతం మించకూడదన్నది మన ఆహార ప్రమాణం. ఫొటో బరువు చెప్పదు కనుక లెక్క పెట్టిన కాయల సంఖ్యను శాతంగా మార్చి ఈ పరిమితితో పోల్చకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
2) ఒక కాయపై 4 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది. అంచు గోధుమ రంగుగా ముడుచుకుపోయింది. కాగితం మీద పొడి పడలేదు. సంచికి ఇప్పుడు పురుగు ముప్పు ఉన్నదనవచ్చా?

1.7 ఒక సరుకును పరిశీలిద్దాం

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక ఉదాహరణకు వర్తింపజేద్దాం. ఇది అభ్యాసం కోసం ఊహించిన సరుకు. ఉరవకొండ వైపు ఒక రైతు ఇంట్లో 30 సంచుల బ్యాడిగ రకం కాయ ఉంది. జనవరిలో ఆరబెట్టి, ఫిబ్రవరిలో సంచులకు ఎత్తారు. మార్చిలో అమ్మకం కోసం ఐదు ఫొటోలు పంపారు.

మొదటి ఫొటోలో సంచులు మూడు వరుసలుగా ఉన్నాయి. వెనుక వరుస గోడకు ఆనుకొని, నేల మీద నేరుగా ఉంది. కింద చెక్కలు గానీ పట్ట గానీ లేవు. రెండవ ఫొటోలో కాయ మంచి ఎరుపులో ఉంది, తొడిమలు బాగా ఎండి ఉన్నాయి. మూడవ ఫొటోలో అడుగు కాయ కొంచెం అణిగి ఉంది కానీ ముద్దకట్టలేదు. నాలుగవ ఫొటోలో 20 కాయలు చీల్చి పరిచారు. మూడింటిలో గింజల మీద ఆకుపచ్చ కలిసిన బూడిద పొడి ఉంది. ఐదవ ఫొటోలో కొన్ని గింజలు, తొక్కలు ఉన్నాయి, పురుగు లేదు.

మొదట తేల్చగలిగేవి రెండు. ప్రస్తుతం పురుగు ఆనవాలు లేదు. తొడిమలు ఎండి ఉన్నాయి కనుక కాయ కళ్లంలో ఆరలేదనడానికి ఆధారం తక్కువ. మిగిలింది బూజు. 20లో 3 అంటే 15 శాతం. సరుకంతా 15 శాతం చెడిందని రాయవచ్చా? రాయకూడదు. 20 కాయలు చాలా తక్కువ, అవి ఒకే సంచివి కూడా కావచ్చు. అయితే "ఏదో ఒకటీ అరా" అని కొట్టిపారేయనూ కూడదు. సంచులలో నిజంగా నూటికి ఒక కాయ మాత్రమే చెడి ఉండి, కాయలను ఎంపిక చేయకుండా తీసి ఉంటే, 20లో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ చెడ్డవి వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి.

దీనికి ఎదురుగా ఉన్న లెక్క ఇంకా ముఖ్యమైనది. 20 కాయలలో ఒక్క చెడ్డ కాయ కూడా కనిపించలేదనుకుందాం. సరుకులో 5 శాతం చెడి ఉన్నా ఇలా జరిగే అవకాశం ఎంత? ఒక్కో కాయ మంచిదయ్యే అవకాశం 0.95 కనుక, 20 కాయలూ మంచివయ్యే అవకాశం 0.95ను 20 సార్లు గుణిస్తే వచ్చే 0.36. అంటే మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో చెడ్డ సరుకు మంచిదిగా కనిపిస్తుంది. 60 కాయలు చీలిస్తే ఆ అవకాశం 0.05కు తగ్గుతుంది. పట్టిక 1లో 60 కాయలు అని రాయడానికి కారణం ఇదే.

కాబట్టి మన ఉదాహరణలో తరువాతి అడుగు, ఆరు సంచుల నుంచి పదేసి చొప్పున 60 కాయలు అడగడం. ముందు వరుస నుంచి రెండు, మధ్య వరుస నుంచి రెండు, గోడ వరుస నుంచి రెండు సంచులు ఎంచుకొని, ప్రతి సంచిలో పైన, మధ్యన, అడుగున తీయాలి. ఏ సంచి కాయలు ఆ కాగితం మీదే, సంచి నంబరు రాసి ఫొటో తీయాలి. అలా తీస్తే ముందు, మధ్య వరుసల నాలుగు సంచులలో 40 కాయలకు ఒక్క చెడ్డ కాయ కూడా లేదనీ, గోడ వరుస సంచులలో ఒకదానిలో 4, మరొకదానిలో 3 ఉన్నాయనీ అనుకుందాం.

ఇప్పుడు కారణం కనిపిస్తున్నది. కాయ కళ్లంలోనే ఆరకపోయినా, సంచులన్నిటికీ నీళ్లు చల్లినా బూజు అన్ని వరుసలలో కనిపించాలి. గోడ వరుసలోనే ఉంది కనుక గోడ, నేల నుంచి తేమ ఎక్కినట్టు అనుమానించాలి. ఆ పది సంచులను వెంటనే వేరు చేసి, మిగిలిన ఇరవై సంచులను చెక్కల మీదికి, గోడకు దూరంగా జరపమని చెప్పాలి. ఆ ఇరవై సంచులను కూడా "బూజు లేనివి" అని రాయకూడదు. 5 శాతం చెడి ఉన్నా 40 కాయలలో ఏదీ కనిపించకపోయే అవకాశం ఇంకా 0.13 ఉంది. "చీల్చి చూసిన 40 కాయలలో బూజు కనిపించలేదు" అని రాయడం సరైనది.

గోడ వరుస కాయలో కనిపించిన చెడ్డ కాయలను ఏరివేసి మిగిలినవి కలపడం, లేదా అంతా కలిపి కారం పట్టించడం చేయకూడదు. పొడి చేస్తే బూజు కనిపించకుండా పోతుంది, దాని విషం మాత్రం పోదు. అటువంటి కాయను పశువులకు వేయడం కూడా సరికాదు, ఆ విషం మారిన రూపంలో పాలలోకి వస్తుంది.

1.8 చింతపండు, అంజూర, కిస్‌మిస్

హిందూపురం మార్కెట్‌కు చింతపండు పెద్ద ఎత్తున వస్తుంది. ఫొటోలో చింతపండు నల్లగా ఉంటే బూజు అనుకోకండి. కొత్త పండు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండి, నిల్వలో కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది. అది వయసు గుర్తు. తెల్ల రేణువులు కనిపిస్తే నిల్వకు కలిపిన ఉప్పు కావచ్చు, అది గరుకుగా, విడివిడిగా మెరుస్తుంది. బూజు ముడతలలో నూగులా అల్లుకుంటుంది. గింజ తీయని పండైతే గింజలను కూడా చూడాలి. చింతగింజకు గుండ్రటి రంధ్రం చేసే కారియెడాన్ సెర్రాటస్ అనే పెంకుపురుగు వేరుశనగ కాయను కూడా తొలుస్తుంది. వేరుశనగ ఎక్కువగా పండే మన జిల్లాలో రెండింటినీ ఒకే గదిలో నిల్వ చేయకపోవడం మంచిది.

అంజూర, ఖర్జూరం, కిస్‌మిస్ మీద తెల్లటి పూత చాలాసార్లు చక్కెరే. పండులోని చక్కెర పైకి వచ్చి గట్టిపడుతుంది. గోరువెచ్చని నీటిలో ఒక పండు వేసి, ముందు, తరువాత ఫొటో తీయమంటే తేలిపోతుంది. చక్కెర కరుగుతుంది, బూజు నూగు తేలుతుంది లేదా అంటుకొని ఉంటుంది. అంజూరను తప్పక మధ్యకు చీల్చి చూడాలి. పైన ఏమీ లేకున్నా లోపల నల్లటి పొడి ఉంటే అది బూజే. పండ్ల మధ్య సన్నటి సాలెగూడు లాంటి దారాలు, వాటికి అంటుకున్న రెట్టల గుళికలు కనిపిస్తే రెక్కల పురుగు పిల్లలు ఉన్నట్టు గ్రహించండి.

1.9 ఫొటో చెప్పలేని విషయాలు

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ వంటి బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేయగలవు. అది కంటికి కనిపించదు. బూజు ఉన్న ప్రతి కాయలో అది ఉంటుందని చెప్పలేం, బూజు కనిపించని కాయలో లేదనీ చెప్పలేం. వంట వేడికి అది పూర్తిగా నశించదు. ఐరోపా దేశాలు ఎండుమిరపలో మొత్తం అఫ్లటాక్సిన్‌ను కిలోకు 10 మైక్రోగ్రాములకు, దానిలో బీ1 అనే రకాన్ని 5 మైక్రోగ్రాములకు పరిమితం చేశాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఇంత తక్కువ మోతాదును కొలవడం ప్రయోగశాల పని. గుంటూరులో సుగంధ ద్రవ్యాల బోర్డుకు నాణ్యతా పరీక్షల ప్రయోగశాల ఉంది.

తేమ శాతం కూడా ఫొటో చెప్పదు. మసాలా దినుసులలో తేమను మామూలు ఓవెన్‌లో ఆరబెట్టి కొలిస్తే సువాసన నూనెలు కూడా ఆవిరై లెక్క పెరుగుతుంది. అందుకే టోలిన్‌తో స్వేదనం చేసి, వెలువడిన నీటిని విడిగా కొలిచే పద్ధతిని వాడతారు. మీ నివేదికలో "తేమ 11 శాతం లోపు ఉంది" అని రాసే హక్కు ఆ కొలత చేసినవారికే ఉంటుంది. "తొడిమ విరుగుతున్నది, గింజ గలగలమంటున్నది" అని మీరు రాయవచ్చు.

1.10 సారాంశం

ఎండే ప్రాంతంలో కూడా మంచు, కుప్ప, అకాల వర్షం, సంచికి ఎత్తేముందు చల్లే నీళ్ల వల్ల ఎండుమిరపకు బూజు పడుతుంది. కుప్ప ఫొటో రంధ్రాన్ని చూపలేదు కనుక దగ్గరి ఫొటో, తెల్ల కాగితం, స్కేలు అవసరం. తొడిమ ఆరుదలను చెబుతుంది, చీల్చిన కాయ లోపలి బూజును చెబుతుంది, దులిపిన పొడి ప్రస్తుత పురుగును చెబుతుంది. తాలు పొలంలో తయారవుతుంది, బూజు నిల్వలో పెరుగుతుంది. ఆరు సంచుల నుంచి 60 కాయలు చీల్చి, సంచుల వారీగా చూస్తే బూజు ఉందో లేదో మాత్రమే కాక ఎందుకు వచ్చిందో కూడా తెలుస్తుంది. విషాన్ని, తేమ శాతాన్ని తేల్చేది ప్రయోగశాల మాత్రమే.

1.11 ముఖ్య పదాలు

తాలు: పొలంలో ఎండదెబ్బ, తెగులు మొదలైన కారణాలతో రంగు వెలిసిన మిరపకాయ.
కళ్లం: పంటను ఆరబోసే, నూర్చే చోటు.
అఫ్లటాక్సిన్: కొన్ని రకాల బూజులు తయారుచేసే, కంటికి కనిపించని విషపదార్థం.
పెంకుపురుగు: గట్టి పై రెక్కలు గల పురుగు. నిల్వ సరుకులో గుండ్రటి రంధ్రాలు చేసే పురుగులలో చాలావరకు ఈ కోవకు చెందినవే.

1.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1) 50 సెంటీమీటర్లు అంటే 500 మిల్లీమీటర్లు. 1600 ÷ 500 = 3.2. రంధ్రం మూడు పిక్సెళ్లలో మాత్రమే కనిపిస్తుంది. నిర్ధారించడానికి అది చాలదు.
2) అనలేం. పెద్ద రంధ్రం, ముడుచుకున్న గోధుమ రంగు అంచు పొలంలో పడిన రంధ్రాన్ని సూచిస్తాయి. పొడి లేకపోవడం దానికి బలం చేకూరుస్తుంది. అయితే ఒక్క కాయతో సంచికి పురుగు లేదని కూడా చెప్పలేం, దులిపిన పొడి ఫొటోను మరిన్ని సంచుల నుంచి అడగాలి.

1.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎండుమిరపలో తేమ చేరే సందర్భాలను వివరించి, ఆరని కాయకు, ఆరిన తరువాత తడిసిన కాయకు ఫొటోలో గల తేడాలను తెల్పండి.
2. 1.7లోని ఉదాహరణలో బూజు కాయలు ఆరు సంచులలోనూ సమానంగా కనిపించి ఉంటే మీ నిర్ధారణ, సలహా ఎలా మారుతాయో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తాలు, నిల్వ బూజుల మధ్య తేడాలు.
2. పొలంలో పడిన రంధ్రం, గోదాములో పడిన రంధ్రం.
3. ఉప్పు సీసా పరీక్ష, దాని పరిమితి.